క్యాప్ కింది పన్ను, క్యాప్‌కి ఎదుటి పన్ను

నా టేబుల్ సొరుగులో ఒక చిన్న స్టీలు డబ్బా ఉంది. దాని నిండా నోళ్లలోంచి తీసిన పాత క్యాపులు. కొత్తగా మా క్లినిక్‌లో చేరే జూనియర్లకి ముందు ఈ డబ్బా విప్పి చూపిస్తాను. అందులో ఎక్కువ మెటల్ సిరామిక్‌వే. వాటిలో లోహం విరిగినది ఒక్కటీ లేదు. పైనున్న పింగాణీ మాత్రం ఏదో ఒక మూల పెచ్చు లేచి, లోపలి బూడిదరంగు లోహం బయటపడి ఉంటుంది. జిర్కోనియావి తక్కువ. తీసేటప్పుడు నేను బర్‌తో కోసినవి తప్ప, తమంతట తాము పగిలినవి అరుదు. అయితే రెండు రకాల్లోనూ చాలావాటిని తీయాల్సి వచ్చింది అంచు దగ్గర పన్ను పుచ్చిపోవడం వల్ల. అప్పటికి క్యాప్ బాగానే ఉంది, కింద పన్నే మిగల్లేదు.

రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ మాట వచ్చేసరికి అందరూ అడిగేది ఒకటే: "ఏది గట్టిదండీ?" ఆ ప్రశ్నకి జవాబు తేలిక. జిర్కోనియా గట్టిది. కానీ ఆ జవాబుతో ఎవరికి ఏది వేయాలో తేలదు. అది తేలాలంటే ఈ రెండూ ఎలా తయారవుతాయో కొంచెం తెలియాలి.

మెటల్ సిరామిక్ అంటే లోపల అర మిల్లీమీటరు లోపు మందం ఉన్న లోహపు తొడుగు. మన దగ్గర అది ఎక్కువగా నికెల్-క్రోమియం, కొంచెం ఖర్చు పెడితే కోబాల్ట్-క్రోమియం. ఆ లోహం నలుపు కనబడకుండా దాని మీద ఒపేక్ అనే తెల్లటి పూత, ఆ పైన పన్ను రంగు పింగాణీ పొరలు పొరలుగా పెట్టి కొలిమిలో కాలుస్తారు. లోహం, పింగాణీ చల్లారేటప్పుడు ఒకే మోతాదులో కుంచించుకోకపోతే పింగాణీ చిట్లిపోతుంది. ల్యూసైట్ అనే స్ఫటికం కలిపి పింగాణీ వ్యాకోచాన్ని లోహానికి దగ్గరగా తెచ్చే పద్ధతికి వైన్‌స్టీన్ బృందం 1962లో అమెరికాలో పేటెంట్లు పొందింది. అరవై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఆ దారిలోనే చేస్తున్నాం. లోహం విరగదు, కానీ నమిలే భారం పడే పింగాణీ గాజు జాతిది. వంచితే తట్టుకునే బలం దానికి వంద మెగాపాస్కల్స్ లోపే. అందుకే పెచ్చు లేస్తుంది.

జిర్కోనియా అంతా ఒకే పదార్థం. సుద్దలా మెత్తగా ఉండే తెల్లటి బిళ్ల ల్యాబ్‌కి వస్తుంది. కంప్యూటర్‌లో గీసిన ఆకారాన్ని యంత్రం ఆ బిళ్లలోంచి చెక్కుతుంది, అసలు కొలత కంటే ఐదో వంతు, నాలుగో వంతు పెద్దగా. తర్వాత సుమారు 1,500 డిగ్రీల కొలిమిలో గంటల తరబడి ఉంచితే అది కుదించుకుపోయి సరిగ్గా పన్నుకి పట్టే కొలతకి వస్తుంది. దీని బలానికి ఒక చిత్రమైన కారణం ఉంది. చిన్న చీలిక మొదలైతే, దాని కొన దగ్గరున్న స్ఫటికాలు ఆ ఒత్తిడికి రూపం మార్చుకుని కాస్త ఉబ్బుతాయి. ఆ ఉబ్బు చీలికను నొక్కి ముందుకు పోకుండా ఆపుతుంది. 1975లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గార్వీ, హానింక్, పాస్కో ఈ సంగతిని నేచర్ పత్రికలో రాస్తూ దీన్ని సిరామిక్ ఉక్కు అనొచ్చా అని శీర్షికలోనే అడిగారు.

ఇక్కడ రోగికి ఎవరూ చెప్పని మాట ఒకటి ఉంది. జిర్కోనియా అంటే ఒకటే రకం కాదు. ఇట్రియా అనే పదార్థం మూడు పాళ్లు కలిపిన పాత రకం వెయ్యి మెగాపాస్కల్స్ అటూ ఇటూ తట్టుకుంటుంది, కానీ సున్నంలా తెల్లగా, వెలుతురు దూరకుండా ఉంటుంది. ఐదు పాళ్లు కలిపితే వెలుతురు దూరి అందంగా కనిపిస్తుంది, బలం మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది, చీలికను ఆపే ఆ గుణం చాలావరకు పోతుంది. ప్రకటనలో బలం మొదటిదాన్నుంచి, అందం రెండోదాన్నుంచి తీసుకుని ఒకే క్యాప్‌కి చెబుతుంటారు. మీ పన్నుకి వచ్చేది రెంటిలో ఏదో ఒకటి, లేదా మధ్యలో నాలుగు పాళ్లది. ల్యాబ్‌కి చీటీ రాసేటప్పుడు నేను బ్రాండ్ పేరుతో ఆగకుండా ఏ రకమో కూడా రాస్తాను.

ఇప్పుడు ఒక పేషెంట్ గురించి చెబుతాను. మా ఊరి పక్క రైస్ మిల్లులో గుమాస్తా, యాభై దాటిన మనిషి. కింద కుడివైపు మొదటి దవడ పన్నుకి రూట్ కెనాల్ అయింది. ముప్పై ఏళ్లుగా వక్కపొడి అలవాటు. వెంట వచ్చిన ఆయన భార్య కుర్చీ పక్కన నిలబడి, "రాత్రిళ్లు పళ్లు పటపటా నూరతారండీ, పక్కగదిలోకి వినబడుతుంది" అంది. నోరు తెరిచి చూస్తే దవడ పళ్ల మీద ఉండాల్సిన గుబ్బలు అరిగి చదునైపోయాయి. ఒకటి రెండు చోట్ల ఎనామిల్ పోయి లోపలి పసుపు డెంటిన్ చిన్న గుంటల్లా కనిపిస్తోంది.

"మా తోడల్లుడు జిర్కోనియా వేయించుకున్నాడండీ. పదిహేనేళ్ల కార్డు ఇచ్చారు. కానీ అది రాయి లాంటిదనీ, పైపన్నుని తినేస్తుందనీ మా మిల్లులో ఒకాయన చెప్పాడు. ఏం చేయమంటారు డాక్టర్ గారూ?"

ఆ భయం తీసిపారేసేది కాదు. ఎనామిల్ కంటే జిర్కోనియా మూడు రెట్లకు పైగా కఠినమైనదే. అది వచ్చిన కొత్తలో మాలో చాలామందికి ఇదే అనుమానం ఉండేది. ఆ తర్వాత ల్యాబుల్లోనూ నోళ్లలోనూ కొలిచి చూస్తే, బాగా పాలిష్ చేసిన జిర్కోనియా ఎదుటి పన్నుని పింగాణీ కంటే తక్కువగానే అరగదీస్తోందని తేలుతూ వచ్చింది. ఆయనకి తిరగలి ఉదాహరణ చెప్పాను. రాయి ఎంత కఠినమైనదైనా నున్నగా అరిగిపోతే పిండి పడదు. కక్కు కొట్టించాకే నూరుతుంది. పన్నుని అరగదీసేది కూడా ఎక్కువగా ఆ కక్కే. పింగాణీ పైమెరుపు పోయాక గాజు సన్నసన్నగా రాలి, స్ఫటికాలు పైకి తేలి, ఏళ్లు గడిచేకొద్దీ గరుకెక్కుతుంది. జిర్కోనియా గింజలు ఒక మైక్రాన్ లోపు పరిమాణంవి కాబట్టి, ఒకసారి నున్నగా చేస్తే ఆ నునుపు అలాగే నిలుస్తుంది. అయితే గరుకుగా వదిలేస్తే ఆ గరుకు కూడా అంతే గట్టిగా నిలుస్తుంది. అప్పుడు మిల్లులో ఆయన చెప్పిందే నిజమవుతుంది.

కానీ ఆయన విషయంలో అరుగుదల కంటే ముందు తేల్చాల్సింది చోటు. పళ్లు అరిగి పొట్టిగా అయ్యాయి. చిగురు అంచు నుంచి పైదాకా కొలిస్తే ఆ పన్ను ఐదు మిల్లీమీటర్లే ఉంది. మెటల్ సిరామిక్‌లో లోహం, ఒపేక్, పింగాణీ మూడూ పట్టాలంటే నమిలే వైపు రెండు మిల్లీమీటర్ల దాకా చెక్కాలి. మిగిలేది మూడు. దవడ పన్నుకి క్యాప్ ఊడకుండా పట్టు ఉండాలంటే గోడ కనీసం నాలుగు మిల్లీమీటర్లు ఉండాలని మేము నేర్చుకున్నాం, అనుభవంలోనూ అది నిజమే. చెక్కకుండా పింగాణీ పలచన చేస్తే, ఇలా పళ్లు నూరే మనిషికి కొద్ది నెలల్లోనే పెచ్చు లేస్తుంది. మూడు పాళ్ల రకం జిర్కోనియాకి ఒక మిల్లీమీటరు చాలు. గోడ నాలుగు మిల్లీమీటర్లు మిగులుతుంది.

మూడో దారి కూడా ఆయన ముందు పెట్టాను. మొత్తం లోహంతోనే క్యాప్. చోటు తక్కువ చాలు, పెచ్చు లేచే పింగాణీయే ఉండదు, ధర అన్నిటికంటే తక్కువ. లోపలి పళ్లకి నా వరకు అది ఇప్పటికీ మంచి క్యాప్, అడిగేవాళ్లు లేక మూలపడింది. ఆయన కాసేపు ఆలోచించి, "ఆవులిస్తే ఇనప పన్ను అంటారండీ" అన్నారు. అందుకని జిర్కోనియాకే వచ్చాం.

ల్యాబ్‌కి రాసిన చీటీలో రెండు మాటలు ఎర్ర ఇంకుతో రాశాను. మొదటిది, మూడు పాళ్ల రకం, పైన పింగాణీ పూయకుండా. రెండోది, నమిలే వైపు గ్లేజ్ వద్దు, పాలిష్ చేసి పంపాలి. గ్లేజ్ అంటే పైన కాల్చిన పల్చని గాజు పూత. చూడ్డానికి తళతళలాడుతుంది. నమిలే చోట అది కొన్ని నెలల్లో అరిగిపోతుంది. కింద పాలిష్ చేయని జిర్కోనియా ఉంటే, ఎదుటి పన్నుకి తగిలేది ఇక ఆ గరుకే. బుగ్గ వైపు గ్లేజ్ ఉంటే నాకు అభ్యంతరం లేదు.

క్యాప్ వచ్చింది. కూర్చోబెట్టి చూస్తే కొంచెం ఎత్తు. ఎంత మంచి ల్యాబ్ అయినా ఇది మామూలే. అసలు పని ఇక్కడే ఉంది. పళ్ల మధ్య నలభై మైక్రాన్ల రంగు కాగితం పెట్టి కొరకమంటాం, మచ్చ పడిన చోట తగ్గిస్తాం. నున్నటి జిర్కోనియా మీద ఆ రంగు సరిగా అంటదు. మచ్చ లేదు కదా అని వదిలేస్తే ఎత్తు అలాగే ఉండిపోతుంది. కాగితానికి ఒక పిసరు వాజలైన్ రాస్తే మచ్చ తేరుతుంది. తగ్గించడానికి సన్నరకం వజ్రపు బర్, నీళ్లు ధారగా పడుతూ, చేతి బరువు వేయకుండా. ముతక బర్‌తో పొడిగా రుద్దితే వేడికి పైపొరలో కంటికి కనబడని చీలికలు పడతాయి. కొన్నేళ్ల తర్వాత కారణం తెలియకుండా పగిలే క్యాపుల్లో కొన్ని అలా మొదలైనవే.

తగ్గించాక పాలిష్. వజ్రపు పొడి కలిపిన రబ్బరు చక్రాలు మూడు రకాలు: ముతకది, మధ్యరకం, సన్నది. ఒకదాని గీతలు పూర్తిగా పోయాకే తర్వాతదానికి వెళ్లాలి. మొదటిదాన్ని దాటేసి సన్నదానితో మెరుపు తెస్తే కంటికి మెరుస్తుంది కానీ గీతలు లోపలే ఉంటాయి. అందుకే మెరుపు చూసి ఆగను. ఆరబెట్టి, భూతద్దం కింద దీపపు వెలుగు ఏ పక్క నుంచి పడ్డా ఒకేలా ప్రతిఫలిస్తోందా అని చూస్తాను. తర్వాత మొనదేలిన ఎక్స్‌ప్లోరర్‌ని తేలిగ్గా జరుపుతాను. నున్నగా ఉంటే చప్పుడు లేకుండా జారుతుంది. గరుకుంటే చేతికి చిన్నగా తగులుతుంది, పైగా స్టీలు మొన అరిగి క్యాప్ మీదే బూడిదరంగు గీత పడుతుంది. ఆ గీత కనబడితే మళ్లీ ముతక చక్రం నుంచి మొదలు. చివరికి ఎనిమిది మైక్రాన్ల రేకు పెట్టి చూడాలి. గట్టిగా కొరికితే పట్టాలి, పక్క పళ్లు కూడా అలాగే పట్టాలి. ఈ క్యాప్ ఒక్కటే పట్టి పక్కవి వదిలేస్తే ఎత్తు ఇంకా ఉన్నట్టే.

ఇదంతా అయ్యాకే సిమెంటుతో అతికించాను. రాత్రి పెట్టుకోవడానికి పైపళ్లకి గట్టి అక్రిలిక్ నైట్ గార్డ్ ఇచ్చాను. పళ్లు నూరే అలవాటుని ఏ క్యాపూ మాన్పించదు. ఆ రోజే ఎదుటి పైపన్నుకి దగ్గర నుంచి ఫోటో తీసి పెట్టుకున్నాను. ఏడాది తర్వాత వచ్చినప్పుడు రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి తేడా తెలియలేదు. క్యాప్ లేని దవడ పళ్లే ఒకదానితో ఒకటి రాసుకుని ఏడాదికి సుమారు ముప్పై మైక్రాన్లు అరుగుతాయి. కాబట్టి ఒక్క ఏడాదితో తేలిపోయే విషయం కాదు. ఆయన్ని ఏటా రమ్మన్నాను, వస్తున్నారు.

ఇప్పటికే క్యాప్ ఉన్నవాళ్లు ఇంట్లోనే గమనించుకోదగ్గ సంగతులు కొన్ని ఉన్నాయి. క్యాప్ పైభాగం నాలుకకి గరుకుగా తగలడం. ఎదుటి పన్ను కొత్తగా చల్లటి నీళ్లకి జివ్వుమనడం. ఆ పన్ను మీద అద్దంలా చదునైన మచ్చ, దాని మధ్య పసుపు చుక్క కనబడటం. ఇలా ఉంటే క్యాప్ మార్చక్కర్లేకపోవచ్చు, నోట్లోనే పాలిష్ చేయించుకోవచ్చు. పింగాణీకీ ఇదే వర్తిస్తుంది. గ్లేజ్ మీద బర్ పెట్టి తగ్గించి అలాగే వదిలేసిన పింగాణీ, ఎదుటి పన్నుకి నాకు తెలిసినంతలో అన్నిటికంటే చెడ్డది.

అందం సంగతికొస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ముందు పన్నుకి క్యాప్ కావాలంటూ ఒక బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. చిన్నప్పుడు స్కూల్లో పడి దెబ్బ తగిలిన పన్ను, ఎప్పుడో రూట్ కెనాల్ చేసి లోపల లోహపు పోస్ట్ పెట్టారు. పన్ను మొదలంతా కాఫీ రంగుకి తిరిగింది. "వెలుతురు దూరే జిర్కోనియా వేయండి సార్, అదే సహజంగా ఉంటుందట" అంది. మాట నిజమే, కానీ వెలుతురు దూరేది లోపలున్నదాన్ని కూడా చూపిస్తుంది. ఆ ఐదు పాళ్ల రకం వేస్తే నల్లటి మొదలు, లోహపు పోస్ట్ బూడిద నీడలా పైకి తేలేవి. పక్కనున్న మంచి పన్నుకి వేసి ఉంటే అదే క్యాప్ అద్భుతంగా ఉండేది.

ఇలాంటి చోట దాచగలిగే గుణమే కావాలి. ఒపేక్ పూత ఉన్న మెటల్ సిరామిక్ దాస్తుంది, సున్నంలా ఉండే మూడు పాళ్ల జిర్కోనియా కూడా దాస్తుంది. రెంటిలో ఏది అన్నది నేను ఆమె నవ్వు చూసి తేల్చుకున్నాను. నవ్వితే పై చిగురు దాకా కనబడుతుంది, ఆ చిగురు పల్చటిది. పల్చటి చిగురు కింద లోహపు అంచు ఉంటే మొదటి రోజు నుంచే నీలంగా నీడ పడొచ్చు, వయసుతో చిగురు జరిగితే నల్లటి గీత బయటపడుతుంది. అందుకని లోపల మూడు పాళ్ల జిర్కోనియా తొడుగు, ముందు వైపు మాత్రమే పింగాణీ పొర. కొరికే అంచూ, వెనక వైపూ జిర్కోనియాగానే ఉంచమన్నాను, ఎందుకంటే జిర్కోనియా మీది పింగాణీ కూడా పెచ్చు లేస్తుంది. నవ్వినా చిగురు కనబడని మనిషికైతే, అంచు దగ్గర లోహం బదులు పింగాణీ ఉండేలా చేసిన మెటల్ సిరామిక్ వేసేవాణ్ణి. డబ్బు మిగిలేది, తేడా ఎవరికీ తెలిసేది కాదు.

రంగు చూడటంలో ఒక చిన్న జాగ్రత్త ఉంది. షేడ్ గైడ్ పక్కన పెట్టి రంగు ఎంచుకోవడం పన్ను ముట్టుకోకముందే, పగటి వెలుతురులో చేయాలి. గంటసేపు నోరు తెరిచి ఆరిపోయిన పన్ను అసలు రంగు కంటే తెల్లగా కనిపిస్తుంది. చెక్కాక మిగిలిన మొదలు రంగుని కూడా ఫోటో తీసి ల్యాబ్‌కి పంపాలి. లోపల ఏం దాచాలో తెలియకుండా టెక్నీషియన్ ఎంత నిపుణుడైనా చేయగలిగింది లేదు.

ఇక ధర. మా వైపు చిన్న పట్టణాల్లో మెటల్ సిరామిక్ క్యాప్ 3,000 నుంచి 5,000 రూపాయలు, జిర్కోనియా 8,000 నుంచి 15,000 దాకా ఉంటుంది. ఊరిని బట్టి, బ్రాండ్‌ని బట్టి మారుతుంది. ఈ తేడాలో ఎక్కువ భాగం బిళ్ల ఖరీదు, యంత్రాల పెట్టుబడి, కార్డు మీది పేరు. వారంటీ కార్డు వివరంగా చదవమని చెబుతాను. అది పగిలిన క్యాప్‌కి బదులు ఇంకో క్యాప్ ఇస్తుంది, పుచ్చిపోయిన పన్నుకి కాదు. కొత్తగా కొలత తీసి అతికించే ఖర్చు కూడా సాధారణంగా అందులో ఉండదు. మెటల్ సిరామిక్ తక్కువరకం అనుకోవడం కూడా పొరపాటు. అనేక అధ్యయనాలు కలిపి చూసిన సమీక్షల్లో ఐదేళ్ల తర్వాత సుమారు 95 శాతం నిలిచే ఉన్నాయి.

అందుకే చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లకి, పన్ను ఎత్తు బాగా ఉండి, పళ్లు నూరే అలవాటు లేకపోతే, మెటల్ సిరామిక్ వేయించుకోమని ధైర్యంగా చెబుతాను. ఎదుటి పన్ను తగిలే చోట పింగాణీ బదులు నున్నటి లోహమే ఉండేలా చేయించుకుంటే అరుగుదల భయమూ తగ్గుతుంది. ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగుతాను: గిల్టు నగలు, చవక వాచీ పెట్టుకుంటే చర్మం దురద పెడుతుందా అని. అవునంటే నికెల్ పడదని అనుమానం. అప్పుడు కోబాల్ట్-క్రోమియమో, జిర్కోనియానో. రెండేళ్ల కిందట ఒకావిడ ఈ ప్రశ్నకే చెవులు చూపించింది. కమ్మలు పెట్టుకునే రంధ్రాల చుట్టూ పొక్కులు. ఆమె ఇంట్లో అప్పటికే మెటల్ సిరామిక్‌కి డబ్బు సర్దుకున్నారు. కోబాల్ట్-క్రోమియంకి ల్యాబ్ అదనంగా అడిగింది కొన్ని వందలే.

జిర్కోనియాకి ఇంకో ఖర్చు కూడా ఉంది, అది బిల్లులో ఉండదు. ఎప్పుడైనా లోపలి పన్నుకి మళ్లీ చికిత్స కావాల్సి వస్తే దాన్ని కోసి తీయడం కష్టం. మెటల్ సిరామిక్ అయితే ఒక గీత కోసి విప్పేస్తాం. జిర్కోనియా కొత్త వజ్రపు బర్లని రెండు మూడింటిని తినేస్తుంది, రోగి నోరు తెరిచి ఉండాల్సిన సమయం కూడా రెట్టింపవుతుంది. అందుకని రూట్ కెనాల్ మీద నాకు ఏ కాస్త సందేహం ఉన్నా, ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర నీడ ఇంకా మానకపోయినా, ఆ పన్నుకి ఏ క్యాపూ వెంటనే శాశ్వతంగా వేయను. ముందు టెంపరరీ క్యాప్ పెట్టి కొన్ని నెలలు ఆగమంటాను. తొందరపడేవాళ్లకి ఆ ఎక్స్‌రే లైట్ బాక్స్ మీద పెట్టి, నీడ ఉన్న చోటు వేలితో చూపిస్తాను.